క్లెయిమ్ చివర్లో వచ్చే ఆ కాగితం: సబ్రొగేషన్ అంటే ఏమిటి?

బదిలీ మీద ఊరు మారేటప్పుడు సామానుకు ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ చేయించడం మన కుటుంబాల్లో చాలామందికి అలవాటే. దారిలో ఏదైనా జరిగి క్లెయిమ్ పెట్టాల్సి వస్తే సర్వేయర్ వస్తాడు, ఫొటోలు తీసుకుంటాడు, బిల్లులు అడుగుతాడు. ఇదంతా అయ్యాక, డబ్బు చేతికి రాబోయే ముందు, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఒక స్టాంపు కాగితం వస్తుంది. దాని పేరు లెటర్ ఆఫ్ సబ్రొగేషన్. అప్పటికే రెండు మూడు నెలలు తిరిగి విసిగిపోయి ఉంటాం కాబట్టి, చుక్క పెట్టిన చోటల్లా సంతకం పెట్టి పంపించేస్తాం. ఆ సంతకంతో మనం ఏం ఇచ్చాం, మన దగ్గర ఏం మిగిలింది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

సబ్రొగేషన్ అంటే ఒకరి స్థానంలోకి మరొకరు రావడం. ఈ సంగతి బ్యాంకు వాళ్లకు కొత్తేమీ కాదు, పేరే కొత్త. ఒకరి అప్పుకు మీరు హామీ సంతకం పెట్టారు, అతను కట్టలేదు, చివరికి మొత్తం బాకీ మీరే కట్టారు. అప్పుడు ఆ అప్పు తీసుకున్నవాడి మీద బ్యాంకుకు ఏ హక్కులు ఉన్నాయో అవన్నీ మీకు వస్తాయి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 140వ సెక్షన్ చెప్పేది ఇదే. నిన్నటిదాకా బ్యాంకు కూర్చున్న కుర్చీలో ఈరోజు హామీదారు కూర్చుంటాడు. ఇన్సూరెన్సులోనూ అంతే. మీ సామాను పాడుచేసిన లారీ రవాణాదారు మీకు నష్టపరిహారం బాకీ ఉన్నాడు. ఆ నష్టాన్ని ఇన్సూరెన్స్ కంపెనీ మీకు కట్టింది. ఇక రవాణాదారు దగ్గర వసూలు చేసుకోవడానికి కంపెనీ మీ స్థానంలో నిలబడుతుంది.

"ప్రీమియం నేను కట్టాను కదా, రవాణాదారు ఇచ్చేది కూడా నాకే రావాలి కదా" అని కొందరు అడుగుతారు. అడగదగ్గ ప్రశ్నే. జవాబు ఏమిటంటే, సామాను, కారు, ఇల్లు లాంటి వాటి ఇన్సూరెన్స్ నష్టం పూడ్చడానికి చేసే ఒప్పందం. నష్టపోయినవాడిని నష్టానికి ముందున్న స్థితికి తేవడమే దాని పని, అంతకంటే పైకి తీసుకెళ్లడం కాదు. ఇంగ్లండులో 1883లో తీర్పు వచ్చిన కాస్టెలైన్, ప్రెస్టన్ కేసు దీనికి పాత ఉదాహరణ. ఒకాయన తన ఇల్లు అమ్మడానికి ఒప్పందం చేసుకున్నాడు. అమ్మకం పూర్తికాకముందే ఇంట్లో నిప్పంటుకుంది, ఇన్సూరెన్స్ డబ్బు తీసుకున్నాడు. తర్వాత కొన్నవాడు ఒప్పుకున్న ధర మొత్తం ఇచ్చేశాడు. అంటే అమ్మినాయనకు చివరికి నష్టమే లేదు. తీసుకున్న ఇన్సూరెన్స్ డబ్బు తిరిగి ఇచ్చెయ్యమని కోర్టు చెప్పింది. రెండో కారణం కూడా ఉంది. మీరు ఇన్సూరెన్స్ చేయించుకున్నారు కదా అని తప్పు చేసినవాడు బాధ్యత నుంచి జారుకోకూడదు.

జీవిత బీమాకు ఇది వర్తించదు. మనిషి ప్రాణానికి ఇంత అని ఖరీదు కట్టి పూడ్చేది కాదు అది. పాలసీలో రాసిన మొత్తం ఇస్తారు, అంతే. అందుకే రోడ్డు ప్రమాదంలో ఇంటి మనిషిని పోగొట్టుకున్న కుటుంబం జీవిత బీమా డబ్బూ తీసుకోవచ్చు, ట్రిబ్యునల్లో పరిహారమూ అడగవచ్చు. బీమా డబ్బు వచ్చింది కాబట్టి ఆ మేరకు పరిహారం తగ్గించడం కుదరదని హెలెన్ రెబెల్లో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక సామాను సంగతికి వద్దాం. ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. మనుషులు ఊహే, కాగితాలు మాత్రం అందరికీ వచ్చేవే. రాజేశ్వరి గారి భర్తకు రాజమండ్రి నుంచి నాగపూరుకు బదిలీ అయింది. జూన్ 10న సామాను లారీకి బుక్ చేశారు. కిరాయి 24,000 రూపాయలు. ఇన్సూరెన్స్ పాలసీ రాజేశ్వరి గారి భర్త పేరుతోనే తీసుకున్నారు, సామాను విలువ సరిగానే చూపించారు. కానీ బుకింగ్ రోజున ఫార్వర్డింగ్ నోట్ మీద సామాను విలువ రాయాల్సిన చోట రవాణా ఆఫీసు గుమాస్తా "ఎంతో కొంత రాద్దాం సార్" అని లక్ష రూపాయలు రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. జూన్ 12న లారీ దారిలో బోల్తా పడింది. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, టీవీ, బీరువా, రెండు పెట్టెల సామాన్లు పనికిరాకుండా పోయాయి. నష్టం 2,00,000 అని తేలింది. పాలసీ షరతుల ప్రకారం కోతలు పోను కంపెనీ 1,50,000కు క్లెయిమ్ సెటిల్ చేసింది. ఇంకా 50,000 నష్టం ఆ కుటుంబం మీదే ఉంది. ఈ 50,000 గుర్తుపెట్టుకోండి. సబ్రొగేషన్ మనకు ఎక్కడ తగులుతుందో తెలిసేది ఈ అంకెతోనే.

ఇప్పుడు కంపెనీ రవాణాదారు మీదికి వెళ్తుంది. రోడ్డు రవాణా విషయంలో మనకు 2007 నాటి చట్టం ఉంది. డ్రైవరు నిర్లక్ష్యంగా నడిపాడని మనం రుజువు చెయ్యనక్కర్లేదని ఆ చట్టం అంటుంది. ఇది మనకు పెద్ద ఊరట. అయితే అదే చట్టం రవాణాదారు బాధ్యతకు ఒక హద్దు పెట్టింది. అదనపు రిస్కు రేటు కట్టడానికి ముందే ఒప్పుకుంటే తప్ప, అతను ఇవ్వాల్సింది కిరాయికి పది రెట్లు మించదు. అదీ ఫార్వర్డింగ్ నోట్‌లో రాసిన విలువను దాటదు. ఇక్కడ కిరాయికి పది రెట్లంటే 2,40,000. నష్టం అంతకంటే తక్కువే కాబట్టి మొత్తం వసూలయ్యేది. కానీ నోట్ మీద లక్ష అని ఉంది. గుమాస్తా అలవాటుగా రాసిన ఆ అంకె వల్ల 2,00,000 నష్టానికి రవాణాదారు దగ్గర రాబట్టగలిగింది గరిష్ఠంగా లక్షే.

ఆ లక్ష వచ్చిందనుకుందాం. ఎవరికి ఎంత? కంపెనీ 1,50,000 పోగొట్టుకుంది, కుటుంబం 50,000 పోగొట్టుకుంది. ఉన్నది లక్ష.

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 2010లో జవాబు చెప్పింది. తమిళనాడులోని చరణ్ స్పిన్నింగ్ మిల్స్ పంపిన నూలు లారీ ప్రమాదంలో పాడైంది, మిల్లుకు ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు కట్టింది, ఆ తర్వాత మిల్లూ కంపెనీ కలిసి రవాణా సంస్థ మీద వినియోగదారుల ఫోరానికి వెళ్లాయి. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సందర్భంగా సబ్రొగేషన్ మూడు రకాలని విడదీసింది. మన లక్ష రూపాయలను ఆ మూడింటిలో పెట్టి చూద్దాం.

మొదటిది, ఏ ప్రత్యేక కాగితమూ లేకుండా, డబ్బు కట్టగానే న్యాయసూత్రం ప్రకారం దానంతటదే వచ్చేది. ఇందులో ముందు నష్టపోయినవాడి లోటు పూడాలి, ఆ తర్వాతే కంపెనీ. కాబట్టి లక్షలో మొదటి 50,000 రాజేశ్వరి గారి కుటుంబానిది, మిగతా 50,000 కంపెనీది. కంపెనీకి ఇంకా లక్ష లోటు ఉంటుంది, అది దాని వ్యాపారం.

రెండోది, లెటర్ ఆఫ్ సబ్రొగేషన్ రాసి ఇచ్చినప్పటిది. ఇప్పుడు లెటర్లో ఏముంటే అదే. తాను కట్టిన సొమ్ము ముందు తాను తీసుకుంటానని కంపెనీ అందులో రాసుకుంటే, లక్ష మొత్తం కంపెనీకే వెళ్తుంది. కుటుంబానికి ఏమీ రాదు. ఒకవేళ ఫార్వర్డింగ్ నోట్‌లో సరైన విలువ రాసి ఉండి, రవాణాదారు 2,00,000 మొత్తం కట్టి ఉంటే, ఈ లెటర్ ఉన్నా కంపెనీ తన 1,50,000 తీసుకున్నాక 50,000 కుటుంబానికి మిగిలేది.

మూడోది సబ్రొగేషన్‌తో పాటు అసైన్‌మెంట్. అంటే ఆ నష్టం మీద మనకున్న హక్కును మొత్తంగా కంపెనీకి బదిలీ చేసేశాం. ఇక వచ్చినదంతా కంపెనీదే. 2,00,000 వచ్చినా, తాను కట్టినదానికంటే ఎక్కువ వచ్చినా, అడగడానికి మనకేమీ మిగలదు. ఈ రకంలో కంపెనీ తన సొంత పేరుతోనే సివిల్ దావా వేసుకోవచ్చు.

కంపెనీలు పంపే అచ్చు ఫారాల్లో రెండో రకం భాషా మూడో రకం భాషా కలగలిసి ఉండడం మామూలే. పైన సబ్రొగేషన్ అని శీర్షిక ఉంటుంది, లోపల "సర్వహక్కులూ బదిలీ చేస్తున్నాము" అని ఉంటుంది. శీర్షిక కాదు, లోపలి వాక్యాలే లెక్కలోకి వస్తాయి. కాబట్టి చదవాల్సింది రెండే చోట్ల. మొదటిది, మీరిచ్చేది "కంపెనీ చెల్లించిన మేరకు" హక్కా, లేక మొత్తం హక్కా. రెండోది, వసూలైన సొమ్ము పంపకం గురించి ఏముంది. మీ నష్టమంతా కంపెనీయే పూడ్చి ఉంటే ఈ తేడాలతో మీకు పని లేదు, సంతకం పెట్టెయ్యండి. మీ మీద ఇంకా నష్టం మిగిలి ఉంటే మాత్రం, "మాకు ఇంకా 50,000 నష్టం ఉంది, రవాణాదారు మీద వేసే దావాలో మొత్తం 2,00,000 అడగండి, మా భాగం మాకు ఇవ్వండి" అని సంతకానికి ముందే ఈమెయిల్ పెట్టండి. అచ్చు ఫారం మార్చడానికి కంపెనీ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కానీ ఒకే నష్టానికి కంపెనీ ఒక దావా, మనం మరో దావా వేసే వీలు ఉండదు. మన 50,000 మొదటి దావాలోనే చేరాలి. అడగకపోతే కంపెనీ తాను కట్టినంతకే దావా వేసి ఊరుకోవచ్చు.

లెటర్ మీద సంతకం పెట్టనని మొండికేస్తే? లాభం తక్కువ. కాగితం లేకపోయినా డబ్బు కట్టినప్పటి నుంచి మొదటి రకం హక్కు కంపెనీకి ఉంటూనే ఉంటుంది. చెక్కు మాత్రం ఆలస్యమవుతుంది.

ఇంతవరకు లెటర్ వచ్చాక సంగతి. అసలు చిక్కులు చాలావరకు లెటర్ రాకముందే, లారీ ఇంటి ముందు ఆగిన రోజునే మొదలవుతాయి. పాడైన సామాను దించాక డ్రైవరు రసీదు చాచి "ముట్టినట్టు సంతకం పెట్టండమ్మా" అంటాడు. నష్టం ఏమిటో ఆ రసీదు మీద రాయకుండా సంతకం పెడితే, సామాను బాగానే అందిందని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది. "ఫ్రిజ్ నొక్కుకుపోయింది, టీవీ తెర పగిలింది, రెండు పెట్టెలు తడిసి చిరిగాయి" అని తెలుగులోనే రాసినా సరే, రాసి, తేదీ వేసి, ఫొటో తీసుకుని అప్పుడు సంతకం పెట్టాలి.

ఆ తర్వాత నాలుగైదు రోజులకు రవాణా ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది. "ఇన్సూరెన్స్ ఉంది కదా మేడమ్, మీకు మొత్తం అక్కడే వస్తుంది. మా తరఫున ఒక పదిహేను వేలు ఇస్తాం, ఇక మాతో ఏమీ లేదని ఒక ముక్క రాసివ్వండి." వినడానికి మర్యాదగానే ఉంటుంది. ఆ ముక్క రాసిస్తే రవాణాదారు మీద మనకున్న హక్కు అక్కడితో పోతుంది. మనకే లేని హక్కులోకి కంపెనీ ఎలా వస్తుంది? మన స్థానంలో నిలబడేవాడికి మన దగ్గర ఉన్నంతే దొరుకుతుంది. కంపెనీ అప్పటికి క్లెయిమ్ కట్టి ఉండకపోతే, వసూలు దారి మీరే మూసేశారంటూ క్లెయిమ్ తిప్పికొట్టడమో కోత పెట్టడమో చేస్తుంది. కట్టేసి ఉంటే మన దగ్గర తిరిగి అడుగుతుంది. పదిహేను వేలకు ఆశపడి లక్షా యాభై వేలను ప్రమాదంలో పెట్టుకున్నట్టే. రవాణాదారు ఏదైనా ఇస్తానంటే, కంపెనీకి చెప్పి, రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే ముట్టుకోవాలి. పదిహేను వేలు తీసుకున్న సంగతి దాచడం ఇంకా చెడ్డది.

నోటీసు సంగతి అంతకంటే ముఖ్యం. రోడ్డు రవాణా చట్టం 16వ సెక్షన్ ప్రకారం, సామాను బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల లోపు నష్టం గురించి రవాణాదారుకు రాతపూర్వక నోటీసు అందాలి. అందకపోతే దావాయే వెయ్యడానికి లేదు. లెక్క ప్రమాదం జరిగిన రోజు నుంచి కాదు, క్లెయిమ్ సెటిలైన రోజు నుంచి అసలే కాదు. బుకింగ్ రోజు నుంచి. మన ఉదాహరణలో జూన్ 10న బుక్ చేశారు కాబట్టి డిసెంబరు 7తో గడువు అయిపోతుంది. సర్వేయర్ రిపోర్టు, బిల్లులు, ప్రశ్నలు, జవాబులు అంటూ క్లెయిమ్ నవంబరుదాకా సాగడం వింత కాదు. "ఇన్సూరెన్స్ వాళ్లే చూసుకుంటారులే" అని కూర్చుంటే గడువు దాటిపోతుంది. రవాణాదారు మీద హక్కులు కాపాడడం మన బాధ్యత అని ట్రాన్సిట్ పాలసీలో రాసే ఉంటుంది. కాబట్టి ఈ నోటీసు కంపెనీ పంపేదాకా ఆగకుండా, నష్టం చూసిన వారంలోనే మనమే పంపాలి. లాయరు కూడా అక్కర్లేదు. బుకింగ్ తేదీ, లారీ రసీదు నంబరు, ఏయే వస్తువులు పాడయ్యాయి, సుమారు నష్టం ఎంత, పరిహారం ఇవ్వాలని కోరడం, ఇంతే. రసీదు మీదున్న చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపి, తపాలా రసీదు, ప్రతి దాచి, ఒక ప్రతి ఇన్సూరెన్స్ కంపెనీకి ఇవ్వాలి. ఇది పంపిన కాగితం ఫైల్లో ఉంటే క్లెయిమ్ కూడా త్వరగా కదులుతుంది, ఎందుకంటే కంపెనీ అడిగే పత్రాల్లో అదొకటి.

ఇక్కడ ఒక పక్కమాట. ప్యాకర్ల బిల్లులో "ఇన్సూరెన్స్" అని కొంత శాతం వేసి వసూలు చేస్తారు. అది చాలాసార్లు ఇన్సూరెన్సే కాదు, పగిలితే మేమే ఇస్తామని ఆ ప్యాకరు నోటిమాట. గుర్తుపట్టడం తేలిక. ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, పాలసీ నంబరు, ఇన్సూర్ అయినవారిగా మీ పేరు ఉన్న సర్టిఫికెట్ ఇమ్మనండి. ఇవ్వలేకపోతే అక్కడ పాలసీ లేదు, సబ్రొగేషనూ లేదు, ఆ ప్యాకరుతో మీరొక్కరే తలపడాలి. పాలసీ ఉంది గానీ ప్యాకరు పేరు మీద ఉంది అన్నా జాగ్రత్త. అది అతని బాధ్యతకు అతను చేయించుకున్న పాలసీ కావచ్చు. ఏ కంపెనీ అయినా తాను ఇన్సూర్ చేసినవాడి మీదే తిరిగి దావాకు వెళ్లదు కాబట్టి, మీ తరఫున పోరాడేవారు అందులో ఎవరూ ఉండరు.

ఇక చివరి సంగతి. క్లెయిమ్ డబ్బు వచ్చి, కొత్త ఫ్రిజ్ కొని, అంతా మరిచిపోయిన ఏడాదిన్నరకు ఇంటికి లాయరు నుంచి ఒక కవరు రావచ్చు. తెరిచి చూస్తే రవాణాదారు మీద కేసులో ఫిర్యాది మీరే! కంగారు పడనక్కర్లేదు. హక్కు పూర్తిగా అసైన్ చెయ్యనంతవరకు కంపెనీ మీ పేరుతోనో, మీతో కలిసో కేసు నడపాలి. వినియోగదారుల కమిషన్‌కైతే కంపెనీ ఒంటరిగా తన కోసం వెళ్లడానికి లేదని 2010 తీర్పు స్పష్టంగా చెప్పింది. అక్కడ సేవ పొందిన వినియోగదారు మీరే కదా. కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, సివిల్ కోర్టులో రవాణాదారు మీద దావాకు మూడేళ్లు కాబట్టి ఇంత ఆలస్యంగా కవరు రావడం మామూలే. వకాలత్నామా మీద సంతకం, ప్రమాణపత్రం, అవసరమైతే ఒకరోజు సాక్ష్యం అడుగుతారు. లెటర్లో సహకరిస్తామని రాసిచ్చాం కాబట్టి ఇవి చెయ్యాల్సిందే. కోర్టు ఖర్చులు కంపెనీవని లెటర్లో ఉందో లేదో మొదట్లోనే చూసుకుని ఉంటే ఇప్పుడు లాయరు ఫీజు ఎవరిదన్న ప్రశ్న రాదు.

ఆ కవరులోని ఫిర్యాదు కాపీని మాత్రం సంతకానికి ముందు ఒకసారి చదవండి. అడిగిన మొత్తం ఎంత అని చూడండి. రాజేశ్వరి గారి ఇంటికి అలాంటి కవరు వస్తే, అందులో 1,50,000 అని ఉంటే, ఆమె లాయరుకు ఫోన్ చేసి 2,00,000 అని మార్పించాలి. ఈలోగా మళ్లీ బదిలీ అయి ఉంటే కొత్త చిరునామా కంపెనీకి తెలియజెయ్యాలి. ఫిర్యాది పలకలేదని కేసు కొట్టేస్తే, అందులో ఆమె 50,000 కూడా పోతుంది.